కళ్లద్దాలు పెట్టుకుని చదివితే లెక్కలోకి వస్తుంది, కానీ ఆ అద్దాలు ఇప్పటి పవర్‌వి అయి ఉండాలి

ప్రశ్న: "నాకు రెండు కళ్లకీ మైనస్ రెండు దాకా సైట్ ఉంది. కళ్లజోడు మూడేళ్ల కిందట చేయించుకున్నది. డ్రైవింగ్ లైసెన్స్‌కి కంటి పరీక్ష ఉంటుందంటున్నారు. అద్దాలు పెట్టుకుని చదివితే ఒప్పుకుంటారా, తీసేసి చదవమంటారా? ఎంత కనిపిస్తే పాస్? ఇప్పుడు కొత్త అద్దాలు చేయించుకోవాలా?"

అద్దాలు పెట్టుకునే చదవండి. మామూలు కారు, బైక్ లైసెన్స్‌కి సాధారణంగా చూసేది అద్దాలతో మీకు ఎంత కనిపిస్తోందనేదే. అద్దాలు లేకుండా మీ చూపు ఎంత తక్కువగా ఉన్నా, అద్దాలతో అక్షరాల చార్ట్ మీద కావలసిన లైన్ చదవగలిగితే చాలు. కాంటాక్ట్ లెన్సులకీ ఇదే లెక్క. దగ్గరి చదువుకి వాడే రీడింగ్ అద్దాలు మాత్రం ఇక్కడ పనికిరావు, పరీక్షించేది దూరపు చూపుని కాబట్టి.

చాలా దేశాల్లో కనీస చూపు 6/12. బ్రిటన్, ఆస్ట్రేలియాలో ఇదే. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాలు అడిగే 20/40 కూడా ఇదే, అడుగుల్లో రాస్తారు. యూరప్‌లో 0.5 అని రాస్తారు. బ్రిటన్‌లో దీంతోపాటు 20 మీటర్ల దూరం నుంచి నంబర్ ప్లేటు కూడా చదవాలి. భారత్‌లో లైసెన్స్ దరఖాస్తుతో ఇచ్చే ఫారం 1లో మంచి వెలుతురులో 25 మీటర్ల దూరాన కారు నంబర్ ప్లేటును గుర్తించగలరా అని అడుగుతారు. కళ్లద్దాలు వాడేవారైతే వాటితోనే అని ఆ ప్రశ్నలోనే ఉంటుంది. రెండు కళ్లూ కలిపి చూస్తారా, విడివిడిగా చూస్తారా అన్నది చోటును బట్టి మారుతుంది. లారీలు, బస్సులు నడిపేవాళ్లకి నియమాలు ఇంకా గట్టిగా ఉంటాయి. యూరప్‌లో వాళ్లకి బాగా కనిపించే కంటికి 0.8 ఉండాలి, రెండో కంటికి కనీసం 0.1 ఉండాలి.

ఈ 6/12 అంటే ఏమిటో ముందు సరిగ్గా తెలుసుకుంటే మిగతాదంతా సులువు. బాగా కనిపించేవాళ్లు 12 మీటర్ల నుంచి చదవగలిగే అక్షరాన్ని మీరు 6 మీటర్ల దగ్గరికి వచ్చాకే చదవగలరని దాని అర్థం. అంటే దూరం సగానికి సగం తగ్గిపోతుంది. రోడ్డు మీద 100 మీటర్ల నుంచి వేరేవాళ్లు చదివే బోర్డు మీకు 50 మీటర్లలో కనిపిస్తుంది. గంటకి 72 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 20 మీటర్లు పోతుంది. వాళ్లకి ఆ బోర్డు చదివి లేన్ మారడానికి ఐదు సెకన్లు ఉంటే మీకు రెండున్నర. అందుకే 6/12ని నేను సరిపోయే చూపుగా ఎప్పుడూ అనుకోను. అది ఇంతకన్నా తగ్గకూడదన్న గీత మాత్రమే.

నేను ఆ గీత దగ్గరే ఆగిపోయాను. అప్పుడు నాకు 26 ఏళ్లు. కాలేజీలో చేయించుకున్న కళ్లజోడే పెట్టుకున్నాను, కుడి కన్ను మైనస్ 2.00, ఎడమ కన్ను మైనస్ 1.75. నాలుగేళ్లయింది దానికి. రోజూ పెట్టుకుంటాను, తలనొప్పి లేదు, పని ఆగింది లేదు, కాబట్టి సైట్ మారిందని అనుకోలేదు. పరీక్షలో పై లైన్లు గడగడా చదివేశాను. 6/12 లైన్‌కి వచ్చేసరికి ఐదు అక్షరాల్లో రెండు తేలలేదు. D అనుకున్నది O కావచ్చు, C కూడా కావచ్చు అన్నట్టుంది. తెలియకుండానే కళ్లు చికిలించాను. పరీక్ష చేస్తున్నాయన వెంటనే "కళ్లు మామూలుగా తెరిచి చదవండి" అన్నారు. తెరిస్తే ఆ రెండూ మళ్లీ మసకే. అద్దాలు చూపించుకుని మళ్లీ రమ్మన్నారు.

చికిలిస్తే ఎందుకు కనిపిస్తుందో తర్వాత కంటి పవర్ చూసే ఆప్టోమెట్రిస్ట్ చెప్పారు. రెప్పల మధ్య సన్నటి సందు మిగిలితే కంటిలోకి వెళ్లే వెలుగు సన్నబడుతుంది, మసక తగ్గుతుంది. ఆమె దగ్గర చిన్న చిల్లు ఉన్న నల్ల ప్లేటు ఒకటి ఉంటుంది, పిన్‌హోల్ అంటారు. పాత అద్దాల ముందు దాన్ని పెట్టి చదవమంటే ఆ రెండు అక్షరాలే కాదు, కింది లైన్ కూడా వచ్చేసింది. అద్దాల మీద పిన్‌హోల్ పెడితే చూపు మెరుగుపడిందంటే లోపం సాధారణంగా పవర్‌లోనే ఉంటుంది, కొత్త అద్దాలతో సరిచేయవచ్చు. పిన్‌హోల్ పెట్టినా మారకపోతే శుక్లమో, రెటీనాలో ఇబ్బందో, చిన్నప్పటి నుంచి చూపు మందంగా ఉన్న కన్నో కారణం కావచ్చు. అప్పుడు అద్దాల షాపు కన్నా ముందు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. డబ్బు పెట్టి అద్దాలు మార్చేముందు ఈ ఒక్క పరీక్ష అడిగి చేయించుకోండి.

ఆ తర్వాత ఆమె చేసింది నాకు బాగా నచ్చింది. పాత జోడు తీయనివ్వకుండా దాని ముందు మైనస్ 0.50 లెన్స్ పట్టుకుని చదవమన్నారు. ఒక లైన్ కిందికి దిగాను. ఇంకొంచెం పెంచితే అక్షరాల అంచులు పదునుగా వచ్చాయి. చివరికి కుడి కన్ను మైనస్ 3.00, ఎడమ కన్ను మైనస్ 2.50 తేలింది. అంటే ఒక కంటికి ఒకటి, ఇంకో కంటికి ముప్పావు పెరిగింది. కొత్త పవర్‌తో 6/6 లైన్ మొత్తం చదివాను. మైనస్ సైట్ ఉన్నవాళ్లకి అర పాయింట్ తక్కువైతే చూపు సుమారు 6/9కి, ముప్పావు తక్కువైతే 6/12 దగ్గరికి, ఒకటి తక్కువైతే సుమారు 6/18కి దిగుతుంది. మనిషిని బట్టి కొంచెం తేడా ఉంటుంది కానీ, నా పాత అద్దాలు నన్ను సరిగ్గా ఫెయిల్ అయ్యే చోట ఎందుకు నిలబెట్టాయో ఈ లెక్కతో అర్థమైంది.

మీ జోడు మూడేళ్లది కాబట్టి మీకు కూడా ఇలాగే అయిందని చెప్పను. చాలామందికి పెద్దయ్యాక సైట్ ఏళ్ల తరబడి మారదు. కానీ మారిందా లేదా అన్నది మనకి మనం తెలుసుకోవడం కష్టం, ఎందుకంటే పవర్ మెల్లగా పెరుగుతుంది, కళ్లు దానికి అలవాటు పడిపోతాయి. నాకు తెలియాల్సిన గుర్తు ఒకటి ముందే కనిపించింది, దాన్ని పట్టించుకోలేదు. పగలు బాగానే ఉండేది. పొద్దుగూకాక మాత్రం ఎదురుగా వచ్చే బండ్ల లైట్ల చుట్టూ పువ్వులా వెలుగు విచ్చుకునేది, బోర్డులు దగ్గరికి వచ్చేదాకా తేలేవి కావు. ఎండలో కంటిపాప 3 మిల్లీమీటర్లు ఉంటే చీకట్లో 6 దాకా తెరుచుకోవచ్చు. పవర్ తక్కువైనప్పుడు వచ్చే మసక కంటిపాప వెడల్పుతో పాటే పెరుగుతుంది, కాబట్టి అదే ముప్పావు తేడా రాత్రి రెట్టింపు మసకగా కనిపిస్తుంది. లైసెన్స్ చార్ట్ మాత్రం బాగా వెలుతురున్న గదిలో తెల్లటి బోర్డు మీద నల్లటి అక్షరాలతో ఉంటుంది. దాని మీద అతికష్టంగా పాసైన అద్దాలతో రాత్రి బండి తీయకండి.

అందుకే అద్దాలు మార్చాలా అన్న మీ ప్రశ్నకి నా సమాధానం: ముందు పవర్ చూపించుకోండి, తేడా అర పాయింట్ లేదా అంతకన్నా ఎక్కువ వస్తే మార్చండి. పావు తేడాకి మామూలుగా అక్కర్లేదు, రాత్రి నడపడం ఎక్కువైతే మాత్రం అదీ ఆలోచించదగ్గదే. ఒక కోణంలో మాత్రమే మసకని సరిచేసే సిలిండర్ పవర్ ఉంటే, దాని కోణం, అంటే యాక్సిస్, మారిందేమో కూడా అడగండి. సంఖ్య అదే ఉన్నా కోణం మారితే అక్షరాల చుట్టూ నీడ వస్తుంది. పవర్ మారకపోయినా లెన్స్ మీద గీతలు పడ్డా, పై కోటింగ్ ఊడినా ఎదురు లైట్లు చెదురుతాయి, అప్పుడూ లెన్సులు మార్చాల్సిందే. ఏ ఇబ్బందీ లేకపోయినా రెండేళ్లకోసారి చూపించుకోవడం మంచిది. షుగర్ ఉన్నవాళ్లు, నలభై, యాభై దాటినవాళ్లు ఇంకా ముందే వెళ్లాలి.

షుగర్ ఉంటే ఇంకో జాగ్రత్త. షుగర్ బాగా పెరిగినప్పుడు కంటిలోని లెన్స్‌లో మార్పు వచ్చి పవర్ తాత్కాలికంగా మారుతుంది. అలాంటప్పుడు రాసిన పవర్ షుగర్ అదుపులోకి వచ్చాక సరిపోదు. మా అక్కకి ఇలాగే అయింది, నెల తిరిగేసరికి కొత్త అద్దాలే మసకయ్యాయి. షుగర్ కొన్ని వారాలు నిలకడగా ఉన్నాకే పవర్ రాయించుకోవాలి. పెద్దవాళ్లకి ఉన్నట్టుండి మైనస్ పెరిగిపోతుంటే శుక్లం మొదలైందేమో కూడా చూడమని అడగండి.

పరీక్ష తేదీకి కనీసం పది రోజుల ముందే కొత్త జోడు చేతికి వచ్చేలా చూసుకోండి. పవర్ గట్టిగా మారితే మొదటి రోజుల్లో నేల కొంచెం వంగినట్టు, దూరాలు తేడాగా అనిపిస్తాయి. సిలిండర్ కొత్తగా వస్తే ఇంకా ఎక్కువ. నాకు నాలుగు రోజులు పట్టింది. ఆ రోజుల్లో బండి నడపలేదు. దూరానికీ దగ్గరికీ ఒకే లెన్స్ ఉండే ప్రోగ్రెసివ్ అద్దాలు వాడేవాళ్లు చార్ట్‌ని లెన్స్ పై భాగంలోంచి చూడాలి. గడ్డం పైకెత్తితే చూపు మధ్య భాగంలోంచి పోయి దూరం మసకగా కనిపిస్తుంది, బాగున్న పవర్‌తో కూడా లైన్ తప్పిపోతుంది.

అద్దాలతో పాసైతే చాలాచోట్ల ఆ సంగతి లైసెన్స్ మీదే రాస్తారు. యూరప్ లైసెన్సుల మీద దానికి 01 అనే కోడ్ ఉంటుంది. అలా రాసి ఉంటే అద్దాలు లేకుండా నడపడం లైసెన్స్ షరతు తప్పినట్టే, పక్క వీధిలోకి వెళ్లినా సరే. అందుకే నేను బండిలో రెండో జోడు పెట్టుకుంటాను. మొదట పాతదే ఉంచుదామనుకుని ఆప్టోమెట్రిస్ట్‌తో అన్నాను. "మిమ్మల్ని ఫెయిల్ చేసింది ఆ జోడే కదండీ, అవసరం పడిన రోజు దాంతో ఎలా నడుపుతారు?" అన్నారామె. అదే పవర్‌తో ఇంకోటి మామూలు ఫ్రేములో చేయించుకున్నాను.