36 అంగుళాల గూట్లో 91 సెంటీమీటర్ల ఫ్రిజ్: ఈఎంఐలో తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది మియాపూర్‌లో మూడో అంతస్తులో అద్దె ఫ్లాట్. పాత ఫ్రిజ్ పాడైంది. 91 సెం.మీ. వెడల్పున్న సైడ్ బై సైడ్ ఫ్రిజ్ రూ.72,000కు, 12 నెలల నో కాస్ట్ ఈఎంఐలో వస్తోంది. ఆఫర్ ఆదివారంతో అయిపోతుంది. వంటింట్లో ఫ్రిజ్ గూడు సరిగ్గా 36 అంగుళాలు. కుడివైపు గోడ, ఎడమవైపు గ్రానైట్ గట్టు. మావారేమో రూ.38,000 డబుల్ డోర్ చాలంటున్నారు, దాని వెడల్పు 60 సెం.మీ. నెలకు ఆరువేలు మేం కట్టగలం. ఏది తీసుకోమంటారు? – ఒక పాఠకురాలు

జవాబు: డబుల్ డోర్ తీసుకోండి. ఈఎంఐ కట్టగలరా లేదా అన్న లెక్క దాకా వెళ్లక్కర్లేదండీ, సైడ్ బై సైడ్ మీ గూట్లో పట్టదు.

36 అంగుళాలంటే 91.4 సెం.మీ. కాగితం మీద నాలుగు మిల్లీమీటర్లు మిగులుతున్నట్టే కనిపిస్తుంది. మీరు టేపు ఎక్కడ పెట్టి కొలిచారు? గోడకు అడుగున స్కర్టింగ్ టైలు ఉంటుంది, అది గోడ కంటే ఒక సెంటీమీటరు ముందుకు వస్తుంది. ఎడమవైపు గట్టు రాయి అంచు కింది గోడ కంటే ఒకటి రెండు సెంటీమీటర్లు బయటికి ఉంటుంది. అందుకే నేలమీద ఒకసారి, గట్టు రాయి ఎత్తులో ఒకసారి, మీ తల ఎత్తులో ఒకసారి కొలవండి. మూడింట్లో ఏది తక్కువో అదే మీ గూడు వెడల్పు. మీ ఇంట్లో అది 89కి అటూ ఇటూ తేలుతుందని నా అంచనా. లోతు కొలిచేటప్పుడు వెనక గోడకు ప్లగ్గు ఉందేమో చూడండి. త్రీ పిన్ ప్లగ్గు పెట్టాక మూడు నాలుగు సెంటీమీటర్లు అదే తినేస్తుంది.

ఇక గాలి సంగతి. పాత ఫ్రిజ్‌లకు వెనక నల్లటి జాలీ ఉండేది, వేడి అటు పోయేది. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటికి ఆ గొట్టాలు పక్క రేకుల లోపలే ఉంటాయి. ఫ్రిజ్ పక్కన చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది అందుకే. ఆ వేడి పోవడానికి పక్కల ఐదేసి సెంటీమీటర్లు, వెనక ఐదు, పైన పది వదలడం సాధారణంగా పాటించే కొలత. మీ మోడల్ మాన్యువల్‌లో ఇన్‌స్టాలేషన్ పేజీ ఏం చెబితే అదే చివరి మాట. అంటే 91 సెం.మీ. ఫ్రిజ్‌కు 101 సెం.మీ., దాదాపు 40 అంగుళాలు కావాలి. ఇరికించి పెడితే వెంటనే ఏమీ కాదు. ఏప్రిల్, మే వచ్చాక పక్కలు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయి, మధ్యాహ్నానికి పాలు సరిగ్గా చల్లగా ఉండవు, కంప్రెసర్ ఎక్కువసేపు తిరిగి మీటరు పరిగెడుతుంది. మెకానిక్ వచ్చి గ్యాస్ తగ్గిందంటాడు, ఆ మాట నమ్మి డబ్బు కట్టినవాళ్లు నా దగ్గరికి వచ్చారు.

తలుపు తిరిగే చోటు కూడా మీ ఇంట్లో చిక్కే. సైడ్ బై సైడ్‌లో కుడి తలుపు వెనకే మీరు రోజూ వాడే అరలు ఉంటాయి. కుడివైపు గోడకు ఆనించి పెడితే ఆ తలుపు 90 డిగ్రీల దగ్గర గోడకు తగులుతుంది. 90 తెరిస్తే చాలు కదా అనిపిస్తుంది. కానీ తలుపు మందం, దాని లోపలి సీసాల అరలు అడ్డు వచ్చి కూరగాయల సొరుగు పూర్తిగా బయటికి రాదు. సగం లాగి చెయ్యి దూర్చి టమాటాలు ఏరుకోవాలి.

డబుల్ డోర్‌కు కూడా మన దగ్గర కీళ్లు ఎక్కువగా కుడివైపే ఉంటాయి. కానీ దాన్ని జరపడానికి మీకు చోటుంది. 89లో 60 పోతే 29 మిగులుతుంది. ఎడమ గట్టు వైపు 6 సెం.మీ. వదిలి, కుడి గోడ వైపు 23 వదలండి. అప్పుడు తలుపు దాదాపు 110 డిగ్రీల దాకా తెరుచుకుంటుంది, సొరుగు హాయిగా వస్తుంది. గాలికీ సరిపోయింది. కాకపోతే 60 సెం.మీ. తలుపు ఒక్కటే కాబట్టి ముందుకు ఎక్కువ చోటు తీసుకుంటుంది, ఈ ఒక్క విషయంలో సైడ్ బై సైడే నయం. అందుకని కొనేముందు సుద్దతో నేలమీద ఫ్రిజ్ కొలతలో గీత గీయండి. కుడి ముందు మూలలో 60 సెం.మీ. దారం చివర పట్టుకుని, రెండో చివర సుద్దతో అర్ధచంద్రంలా తిప్పండి. ఆ గీత ఎదుటి గట్టుకో వంటింటి తలుపుకో తగలకుండా ఉంటే, సొరుగు లాగి వంగడానికి ఫ్రిజ్ ముందు ఓ 90 సెం.మీ. ఉంటే చాలు.

ఫ్రిజ్ మూడో అంతస్తుకు చేరాలి కూడా. మీ లిఫ్ట్ తలుపు పూర్తిగా తెరిచి కొలవండి. చిన్న అపార్ట్‌మెంట్లలో అది 70 సెం.మీ. ఉండేవి చాలా ఉన్నాయి. సైడ్ బై సైడ్ లోతు 72 అనుకుంటే, డబ్బాతో కలిపి 77 అవుతుంది, వెడల్పు 97. లిఫ్ట్‌లో దూరదు. మెట్ల మీద మోయాలి. మలుపు దగ్గర నిలబెట్టి తిప్పడానికి డబ్బా మూల నుంచి మూలకు కొలత కావాలి, అది 124 సెం.మీ. మూడున్నర అడుగుల మలుపంటే 107. మనుషులు రెయిలింగ్ మీదుగా ఎత్తి తిప్పుతారు, రేకు సొట్టపోయేది సరిగ్గా అక్కడే. ఇంటి గుమ్మం కూడా చెక్క నుంచి చెక్కకు కాకుండా, తలుపు తెరిచి ఉంచి, దాని మందం పోగా మిగిలినది కొలవాలి. బయట గ్రిల్ తలుపు ఉంటే దాన్నీ కలపండి.

ఇప్పుడు డబ్బు. నో కాస్ట్ అన్న మాటలో వడ్డీ ఉండదని కాదు, వడ్డీ మేరకు ముందే ధర తగ్గించి చూపిస్తారు. మీ కార్డు 16 శాతం వేస్తే 12 నెలలకు వడ్డీ సుమారు రూ.5,870. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే రూ.1,050 పైచిలుకు, మీ జేబులోంచే పోతుంది. ప్రాసెసింగ్ ఫీజు వేరే. ఫ్రిజ్ పట్టలేదని వెనక్కి పంపినా ఈ ఫీజు మామూలుగా తిరిగి రాదు. అసలు వెనక్కి తీసుకోవడమే అనుమానం. పాడైన సరుకైతే మారుస్తారు గానీ, మా గూట్లో పట్టలేదంటే చాలామంది అమ్మకందారులు ఒప్పుకోరు. అప్పుడు మిగిలే దారి గట్టు కోయించడం. అద్దె ఇల్లు కాబట్టి ఆ ఖర్చు ఓనరు మీ అడ్వాన్సులోంచి కోస్తారు. పైగా రేపు ఇల్లు మారితే 40 అంగుళాల గూడున్న ఫ్లాటే వెతుక్కోవాలి.

డబుల్ డోర్‌ను చేతిలో డబ్బుంటే రొక్కానికే తీసుకోండి. రెండింటికీ తేడా రూ.34,000. నెలకు ఆరువేలు కట్టగలమన్నారు కదా, అందులో సగం ఏడాదిపాటు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి, వాషింగ్ మెషిన్ మార్చేటప్పుడు ఈఎంఐ అవసరం రాదు. ఆదివారం గడువు గురించి కంగారు వద్దు, దసరాకో సంక్రాంతికో మళ్లీ ఇలాంటి ఆఫరే వస్తుంది.

తెచ్చినరోజు డెలివరీ అబ్బాయి కిందే ఓటీపీ అడుగుతాడు. ఫ్రిజ్ వంటింట్లోకి వచ్చి, డబ్బా విప్పి, నాలుగు పక్కలా చూశాకే చెప్పండి.