ఇల్లు పూర్తి కాకుండా ఆ ఉత్తరం పంపకు

చిరంజీవి సుబ్బుకి మామయ్య ఆశీస్సులు.

అమలాపురంలో తాతగారి స్థలంలో ఇల్లు కడుతున్నావనీ, శ్లాబు పడిందనీ అక్క చెప్పింది. మనవాళ్లలో బ్యాంకు అప్పుతో సొంతంగా ఇల్లు లేపుతున్నవాడివి నువ్వే. స్థలం నీ పేరుకు మార్పించడం కూడా మంచి పని. అయితే ఈ నెలే మీ కంపెనీకి ఉత్తరం రాసి, ఇంటి అప్పు వడ్డీ చూపించి జీతంలో పన్ను కోత తగ్గించమని అడుగుతావట. అది విన్న దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు.

కాలేజీ జీతాల విభాగంలో పనిచేసినప్పుడు ఇలాంటి ఉత్తరాలు చాలా చూశాను. ఒక లెక్చరర్‌గారు జూన్‌లోనే రాశారు. ఇల్లు అప్పటికి లింటెల్ మట్టంలో ఉంది. దసరాకి గృహప్రవేశం అన్న నమ్మకంతో ఏడాది వడ్డీ మొత్తం వేసుకున్నారు. మా కార్యాలయం ఆయన మాట నమ్మి నెలనెలా కోత తగ్గించింది. ఆ ఏడు గోదావరి పోటెత్తి, ఇసుక రేవులు మూతపడ్డాయి. పని ఆగిపోయింది. జనవరిలో ఆధారాలు అడిగితే బ్యాంకు వడ్డీ పత్రం తెచ్చారు, ఇల్లు పూర్తయిన పత్రం లేదు. అది లేకుండా ఆ ఏడాది వడ్డీకి మినహాయింపు రాదు. తగ్గించిన పన్నంతా ఫిబ్రవరి, మార్చి జీతాల్లోంచి పట్టాల్సి వచ్చింది. ఒకపక్క అద్దె, ఇంకోపక్క అప్పు వాయిదా. చేతికొచ్చిన జీతం కాగితం చూసి ఆయన కుర్చీలో కూలబడ్డారు. కిరాణా బాకీకి చేబదులు తీసుకున్నారని తరవాత తెలిసింది. నీ విషయంలో నా భయమంతా ఆ రెండు నెలల గురించే.

నీ ఇల్లు మార్చి 31లోగా పూర్తయితే ఈ 2025-26 వడ్డీ అంతా లెక్కలోకి వస్తుంది, ఇల్లు ఏ నెలలో పూర్తయినా సరే. పోయిన ఏడాది కట్టిన వడ్డీ కూడా పోదు, అయిదు సమాన భాగాలుగా ఇల్లు పూర్తయిన ఏడాది నుంచి కలుస్తుంది. ఉదాహరణకు పోయిన ఏడాది వడ్డీ 80 వేలైతే ఏటా 16 వేలు. ఈ ఏటి వడ్డీ 1,90,000 అనుకుంటే మొత్తం 2,06,000. కానీ సొంత నివాసానికి గరిష్ఠం రెండు లక్షలే, పై ఆరు వేలు వదులుకోవాల్సిందే. ఏప్రిల్‌కి జారితే ఈ ఏడాదికి ఏమీ రాదు.

ఇంకో చిక్కు ఉంది. నువ్వు చెప్పకపోతే కంపెనీ కొత్త పన్ను విధానంలోనే కోస్తుంది, అందులో సొంత నివాసం వడ్డీకి మినహాయింపే లేదు. కాబట్టి పాత విధానం కావాలని ఉత్తరంలో రాయాలి. రాసేముందు లెక్క వేసుకో. జీతం 15 లక్షలు అనుకుంటే కొత్త విధానంలో పన్ను 97,500. పాత విధానంలో వడ్డీ రెండు లక్షలు, 80సి కింద పొదుపులు లక్షన్నర మాత్రమే చూపితే 1,48,200 అవుతుంది! ఇంటి అప్పు ఉందన్న సంబరంతో యాభై వేలు ఎక్కువ కట్టేవాడివి. నువ్వు హైదరాబాదులో అద్దెకుంటున్నావు కదా, అద్దె భత్యం మినహాయింపు మూడు లక్షలు కూడా కలిస్తే 75,400కి దిగుతుంది. అంటే నీకు మిగిలేది 22,100. అద్దె రసీదులూ, ఇంటి యజమాని పాన్ సంఖ్యా లేకపోతే అదీ లేదు.

పూర్తయిన పత్రం చేతికొచ్చాక ఇలా రాయి: “అమలాపురంలోని నా ఇంటి నిర్మాణం ఫలానా తేదీకి పూర్తయింది. 2025-26కి పాత పన్ను విధానం ఎంచుకుంటున్నాను. అప్పు వడ్డీ వల్ల ఇంటి ఆస్తి కింద వచ్చే రెండు లక్షల నష్టాన్ని పరిగణించి, మిగిలిన నెలల పన్ను కోతను సవరించగోరుతున్నాను. 12బిబి ఫారం, బ్యాంకు వడ్డీ పత్రం, నిర్మాణం పూర్తయిన పత్రం జతచేశాను.” ఫారంలో బ్యాంకు పేరు, చిరునామా, పాన్ రాయాలి. వాయిదా మొత్తాన్ని వడ్డీ అని రాయకురా, అసలు వేరు, వడ్డీ వేరు.

అప్పటికి కంపెనీ గడువు దాటినా, విధానం మార్చనివ్వకపోయినా వాళ్లతో గొడవపడకు. రిటర్ను గడువులోగా వేసి, అందులో పాత విధానం ఎంచుకుంటే ఎక్కువ కోసింది వాపసు వస్తుంది. నీకు డబ్బు అవసరమని తెలుసు, టైల్స్‌కి ఏదైనా తక్కువైతే ఆ ఉత్తరం మీద ఆశపెట్టుకోకుండా నన్నడుగు. మేస్త్రీ సంక్రాంతికి ఇస్తానన్న మాట ఎంతవరకు నిజమో ఆదివారం వెళ్లి నేనే చూసొస్తాను.

మీ మామయ్య