యోగా క్లాసు నెల చందా: ఒక్కో హాజరుకు ఎంత పడుతోంది?

గత సంక్రాంతికి తిరుపతిలో మా అక్క ఇంట్లో ఉండగా, అమెరికా నుంచి సెలవు మీద వచ్చిన మేనల్లుడి ఫోనుకు 120 డాలర్లు తీసుకున్నట్టు సందేశం వచ్చింది. "మామా, నేను ఇక్కడుంటే యోగా స్టూడియోవాళ్లు డబ్బు కోసుకుంటున్నారే" అన్నాడు. కొత్తగా వెళ్లిన మనవాళ్లలో చాలామంది చేసే పొరపాటే కనుక, ఆ రోజు మేము వేసిన లెక్కను ఇక్కడ వివరిస్తున్నాను.

వారానికి మూడుసార్లు వెళ్తాను, క్లాసుకు 10 డాలర్లే పడుతుంది అనుకొని అతడు ఫిబ్రవరిలో చేరాడు. స్టూడియో యాప్‌లో హాజరు వివరాలన్నీ ఉంటాయి కాబట్టి, నెలనెలా లెక్కపెట్టమన్నాను. ఉత్సాహం ఉన్న మొదటి రెండు నెలల్లో 20, తర్వాతి ఆరు నెలల్లో నెలకు ఐదు చొప్పున 30, సాయంత్రం ఐదింటికే చీకటి పడే చలి రోజులు వచ్చాక మూడు నెలల్లో 9, తిరుపతిలో ఉన్న జనవరిలో సున్నా. మొత్తం 59. కట్టినది మాత్రం చేరిక రుసుము 60తో కలిపి 1,500 డాలర్లు, అంటే క్లాసుకు 25 పైనే. అదే స్టూడియోలో విడిగా ఒక్క క్లాసుకు వెళ్తే 20 డాలర్లే!

ఇది అతడొక్కడి బలహీనత కాదు. అమెరికాలోని మూడు హెల్త్ క్లబ్బుల సభ్యులను పరిశీలించి 2006లో ఇద్దరు ఆర్థికవేత్తలు ప్రచురించిన అధ్యయనంలో, నెలకు 70 డాలర్లకు పైగా కట్టేవారికి ఒక్కో హాజరు 17 డాలర్లకు మించి పడింది. పదిసార్ల పాస్ కొనుంటే 10 డాలర్లతో పోయేది.

మావాడి స్టూడియోలో పది క్లాసుల పాస్ 160 డాలర్లు, గడువు మూడు నెలలు. అతడి 59 క్లాసులకు ఆరు పాస్‌లు, 960 డాలర్లు సరిపోయేవి. గడువును మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు: మూడు నెలల్లో ఏడుసార్లే వెళ్తే ఆ పాస్ కూడా క్లాసుకు దాదాపు 23 డాలర్లవుతుంది. పాస్ కంటే నెల చందా లాభించాలంటే ఏడాదికి 94 క్లాసులు, అంటే ఊరికి వచ్చే నెలను తీసేస్తే నెలకు ఎనిమిది తొమ్మిది, తప్పక వెళ్లాలి. అలిపిరి మెట్లెక్కిన కాళ్లకు అదెంత అనిపిస్తుంది కానీ, మెట్లు ఏడాదికొకసారే ఎక్కుతాం.

అందుకే మొదటి రెండు నెలలు విడి క్లాసులకో పాస్‌తోనో వెళ్లి, ఉత్సాహం తగ్గిన రెండో నెల సంఖ్యను లెక్కకు తీసుకోండి. నెలకు 15 డాలర్ల చవక జిమ్ అయితే ఇంత లెక్క అక్కర్లేదు, ఏడాదికొకసారి విడిగా పట్టే రుసుము ఉందేమో చూస్తే చాలు. ప్రయాణానికి ముందే సభ్యత్వాన్ని తాత్కాలికంగా ఆపే వీలుందా, రద్దుకు ఎన్నాళ్ల ముందు తెలపాలి అన్నవి ఒప్పందంలో చదవండి.

మావాడు ఆ సాయంత్రమే రద్దు కోరుతూ మెయిల్ పంపాడు. ముప్పై రోజుల నోటీసు నిబంధన ఉండటంతో ఫిబ్రవరిలో మరో 120 కట్టాడు.