తలతన్యత గ్రాఫ్ వాలు నుంచి సర్ఫేస్ ఎక్సెస్

ప్రశ్న: ఉప్పు కలపని నీటిలో, 25 °C దగ్గర, సోడియం డోడెసిల్ సల్ఫేట్‌కి γ – log C గ్రాఫ్ గీశాను. వాలు −36 mN/m వచ్చింది. లెక్కిస్తే ఒక్కో అణువుకి 0.26 nm² చోటే వస్తోంది. ఎక్కడ తప్పింది?

జవాబు: n దగ్గర. గిబ్స్ సమీకరణం ఇది:

Γ = −(1 / 2.303 nRT) × (dγ / d log C)

మీరు n = 1 వేశారు. అది అయాన్లుగా విడిపోని సర్ఫాక్టెంట్లకు సరిపోతుంది. ఇక్కడ డోడెసిల్ సల్ఫేట్‌తో పాటు సోడియం అయాన్ కూడా ఉపరితలానికి చేరుతుంది కాబట్టి n = 2. సోడియం క్లోరైడ్ చాలా ఎక్కువగా కలిపి ఉంటే మాత్రం సోడియం గాఢత దాదాపు మారదు, అప్పుడు n = 1 సరైనదే.

298 K దగ్గర 2.303RT విలువ 5706 J/mol. వాలును N/m లోకి మార్చండి:

Γ = 0.036 / (2 × 5706) = 3.15 × 10⁻⁶ mol/m²

దీన్ని అవగాడ్రో సంఖ్యతో గుణించి తలకిందులు చేస్తే అణువుకి 0.53 nm² వస్తుంది. ఆవేశమున్న తలలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కాబట్టి ఇది నమ్మదగ్గ విలువ. నిటారుగా దట్టంగా పేర్చిన హైడ్రోకార్బన్ గొలుసుకే సుమారు 0.2 nm² కావాలి, అందుకే 0.26 చూడగానే అనుమానించాలి.

వాలును సీఎంసీకి (సుమారు 8 mM) కొంచెం ముందున్న సరళరేఖ భాగంలోనే తీయండి. సీఎంసీ దగ్గర గ్రాఫ్ గుంటలా దిగి మళ్లీ పైకి లేస్తే నమూనాలో డోడెకనాల్ మలినం ఉన్నట్టే. ఆ వాలుతో లెక్క కట్టవద్దు, ముందు పదార్థాన్ని పునఃస్ఫటికీకరణతో శుద్ధి చేయండి.