లెక్చరర్ పోస్టుకి మెయిల్‌లో ఏం రాయాలి?

ప్రశ్న: డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ పోస్టుకి మెయిల్లో అప్లై చేయమన్నారు. నాలుగేళ్ళ టీచింగ్, మూడు పేపర్లు ఉన్నాయి. టీచింగ్ స్టేట్‌మెంట్, రీసెర్చ్ స్టేట్‌మెంట్ కూడా అడిగారు. అన్నీ అటాచ్ చేసి రెండు లైన్లు రాసి పంపేస్తే చాలదా?

చాలదండి. మా కాలేజీలో అప్లికేషన్లు ముందుగా వడపోసే పని కొన్నేళ్ళుగా నా నెత్తినే ఉంది కాబట్టి చెప్తున్నా. మెయిల్ ప్రిన్సిపాల్ ఆఫీసుకి వస్తుంది, అక్కణ్ణుంచి ఫార్వర్డ్ అయి మా దాకా వస్తుంది, మేమేమో క్లాసుకీ క్లాసుకీ మధ్య ఫోన్లో చూస్తాం, అటాచ్‌మెంట్ తెరవాలా వద్దా అన్నది పైనున్న నాలుగు లైన్లతోనే తేలిపోతుంది.

సబ్జెక్ట్ లైన్‌లో `Application for Assistant Professor (Chemistry)` అని పెట్టి పక్కనే మీ పేరు. బాడీ మొదట్లోనే పీజీ స్పెషలైజేషన్, పర్సెంటేజ్, నెట్టో సెట్టో ఏ సంవత్సరమో రాసేయండి, ఎందుకంటే మేం ముందు వెతికేది అదే (55 శాతం, నెట్ లేదా సెట్, పీహెచ్‌డీ ఉంటే అదీ).

టీచింగ్ దగ్గర "నాలుగేళ్ళ అనుభవం" అంటే మాకేం అర్థం కాదు. ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఏ పేపర్లు చెప్పారు, ల్యాబ్‌తో కలిపి వారానికి ఎన్ని గంటలు, గెస్టా రెగ్యులరా, ఇవి రెండు వాక్యాల్లో పట్టేస్తాయి. గెస్ట్ అని దాచినా ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్‌లో ఎలాగూ బయటపడుతుంది.

మూడు పేపర్లనీ మెయిల్లో దింపొద్దు. మీరు ఫస్ట్ ఆథర్‌గా ఉన్న ఒక్కటి చాలు, జర్నల్ పేరు, సంవత్సరం, నొక్కితే తెరుచుకునే డీఓఐ లింకు ఇవ్వండి, మిగతావి సీవీలో ఉంటాయిగా. అచ్చయినవి, యాక్సెప్ట్ అయినవి, కమ్యూనికేటెడ్ అంటే ఊరికే పంపినవి, మూడూ కలిపేసి "పబ్లికేషన్స్" అని రాసేవాళ్ళు చాలామంది, లింకు నొక్కగానే దొరికిపోతారు. యూజీసీ-కేర్ లిస్టు 2025లో ఎత్తేశారు, కాబట్టి ఆ ముద్ర ఒక్కటే చూపిస్తే ఇప్పుడు సరిపోదు.

ఇక స్టేట్‌మెంట్లు. జత చేశాను అని ఊరుకోకుండా ఒక్కోదానిలో ఏముందో ఒక్కో వాక్యం రాయండి. ఒకావిడ రాసింది నాకింకా గుర్తే: టైట్రేషన్‌లో పిల్లలు ఎండ్ పాయింట్ దాటించేసి ఫ్లాస్కు నిండా ముదురు గులాబీ చేస్తున్నారట, అందుకని ముందు ఒక రఫ్ టైట్రేషన్ చేయించి, ఆ రీడింగ్‌కి ఒక ఎంఎల్ ముందు నుంచి చుక్క చుక్కగా వదలమనేదట. ఆ ఒక్క వాక్యం చూసే ఫైల్ తెరిచాం. "విద్యార్థి కేంద్రిత బోధన" అని పేజీ రాసినవి డజన్లకొద్దీ వస్తాయి మరి! రీసెర్చ్‌ది కూడా అంతే, డిగ్రీ కాలేజీల్లో ఎన్ఎంఆర్ మిషన్ ఉండదు, ఉన్న ల్యాబ్‌లో పిల్లలతో ఏం చేయగలరో చెప్పండి.

ఫైళ్ళు అన్నీ పీడీఎఫ్‌లే, `YourName_CV.pdf`, `YourName_Teaching.pdf` ఇలా పేర్లు పెట్టండి. సర్టిఫికెట్లు అడిగితేనే పెట్టండి, ఫోన్లో తీసిన ఫోటోలు అలాగే పెడితే జీమెయిల్ 25 ఎంబీ ఇట్టే దాటిపోతుంది.