‘ప్రాబ్లమ్ ఏమీ లేదు’ అని తిరిగొచ్చే బిల్లింగ్ ప్రింటర్

ప్రశ్న: సార్, కడపలో మాది కిరాణా షాపు. పోయిన ఆగస్టులో మూడంగుళాల థర్మల్ బిల్లింగ్ ప్రింటర్ కొన్నాం, ఏడాది వారంటీ ఉంది. సాయంత్రం రద్దీలో బిల్లు చివర్లో ఆగిపోయి, తర్వాత పిచ్చి అక్షరాలు పడుతున్నాయి. నవంబరు, జనవరి, మార్చిలో కర్నూలు సర్వీస్ సెంటర్‌కు ఆర్టీసీ పార్శిల్‌లో ప్రింటర్ పంపాను. మూడుసార్లూ ‘ప్రాబ్లమ్ ఏమీ లేదు’ అని రాసి తిప్పి పంపారు. షాపులో పెట్టగానే మళ్లీ అదే. ఈసారి గట్టిగా ఉత్తరం రాద్దామనుకుంటున్నా. ఏమని రాయాలి? ఆగిపోయిన బిల్లుల ఫొటోలు జత చేశాను.

జవాబు: ముందు మీ ఫొటోల సంగతి చూద్దాం. సరుకుల పేర్లు, ధరలు, మొత్తం అన్నీ నల్లగా, స్పష్టంగా పడ్డాయి. డబ్బు కట్టడానికి కింద వేసే క్యూఆర్ కోడ్ మొదలై, సగం కూడా కాకముందే ఆగింది. మీరు పంపిన అన్ని బిల్లులూ అక్కడే ఆగాయి. ఆ తర్వాత అర్థంలేని అక్షరాలు, గుర్తులు మూరెడు కాగితం మీద పడ్డాయి. ఇది హెడ్ పాడైన లక్షణం కాదు. హెడ్‌లో చుక్కలు పోతే బిల్లు పైనుంచి కిందిదాకా నిలువుగా తెల్లగీత వస్తుంది. మీ బిల్లుల్లో అలాంటి గీత ఎక్కడా లేదు. నాకు అనుమానం ప్రింటర్ మీద కన్నా దాని అడాప్టర్ మీదే ఎక్కువ.

థర్మల్ ప్రింటర్‌లో ఇంకు ఉండదు. హెడ్ మీద వరుసగా ఉండే చిన్న చిన్న చుక్కలు వేడెక్కి కాగితాన్ని నల్లబరుస్తాయి. మూడంగుళాల ప్రింటర్లలో మామూలుగా ఒక అడ్డువరుసకు 576 చుక్కలు ఉంటాయి. అక్షరాలు ప్రింట్ అయ్యేటప్పుడు వాటిలో కొన్నే వేడెక్కుతాయి. క్యూఆర్ కోడ్ ఉన్న మేర దాదాపు సగం చుక్కలు ఒకేసారి వేడెక్కాలి. నల్లటి లోగో అయితే ఇంకా ఎక్కువ. ఆ క్షణంలో అడాప్టర్ నుంచి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు కావాలి. బోరు మోటారు ఆన్ చేసిన క్షణంలో ఇంట్లో లైటు మసకబారినట్టే, బలహీనపడిన అడాప్టర్ వోల్టేజీ అప్పుడు పడిపోతుంది. ప్రింటర్ లోపలి బోర్డు ఆగి, మళ్లీ మొదటినుంచి స్టార్ట్ అవుతుంది.

పిచ్చి అక్షరాలకు కారణం కూడా ఇదే. క్యూఆర్ కోడ్‌ను బొమ్మగా పంపేటప్పుడు కంప్యూటర్ ముందుగా ‘ఇకపై వచ్చేది బొమ్మ’ అని ప్రింటర్‌కు ఒక కమాండ్ ఇస్తుంది. మధ్యలో రీస్టార్ట్ అయిన ప్రింటర్‌కు ఆ కమాండ్ గుర్తుండదు. బొమ్మలో మిగిలిన భాగాన్ని అక్షరాలనుకుని వరసగా అచ్చేస్తుంది. కాబట్టి ఆ మూరెడు కాగితం పారేయకండి. ప్రింటర్ పని మధ్యలో రీస్టార్ట్ అయిందనడానికి మీ చేతిలో ఉన్న మంచి సాక్ష్యం అదే.

మరి సర్వీస్ సెంటర్‌లో ఎందుకు బయటపడలేదు? పార్శిల్‌లో ప్రింటర్ పంపానని రాశారు గానీ అడాప్టర్ మాట ఎత్తలేదు. చాలామంది పంపరు. అక్కడి టెక్నీషియన్ తన టేబుల్ మీద ఉన్న మంచి అడాప్టర్ తగిలిస్తాడు, ఫీడ్ బటన్ నొక్కి పట్టుకుని స్విచ్ వేసి సెల్ఫ్ టెస్ట్ తీస్తాడు. సెల్ఫ్ టెస్ట్‌లో పడేది చాలావరకు అక్షరాలే. పైగా ఒకటో రెండో కాగితాలతో సరి. మీ దగ్గర సాయంత్రం వరసబెట్టి బిల్లులు తీస్తూ, అడాప్టర్ బాగా వేడెక్కాక వచ్చే లోపం అక్కడ రాదు. ఆయన రాసింది అబద్ధం కాదు. ఆయన ముందున్న వాటిలో నిజంగానే లోపం లేదు. ఉత్తరం రాసేటప్పుడు ఈ విషయం మనసులో ఉంచుకుంటే కోపం బదులు పనికొచ్చే మాటలు వస్తాయి.

రాసేముందు ఒకటి కచ్చితంగా చూడండి. బిల్లు ఆగినప్పుడు ప్రింటర్ పవర్ లైటు ఆరి మళ్లీ వెలుగుతోందా? స్విచ్ వేసినప్పుడు వచ్చే శబ్దం వస్తోందా? యూఎస్‌బీ వైరు అయితే ఆ క్షణంలో కంప్యూటర్ కూడా డివైస్ ఊడిపోయి మళ్లీ కలిసినట్టు శబ్దం చేస్తుంది. ఇవి జరుగుతుంటే రీస్టార్ట్ ఖాయం. లైటు ఆరకుండా, కాసేపు ఆగి, అదే బిల్లు మిగతా భాగాన్ని సరిగ్గా పూర్తి చేస్తుంటే మాత్రం హెడ్ వేడెక్కి తనంతట తాను ఆగిందని అర్థం, అది వేరే కథ. ఎర్ర లైటు మిణుకుమంటే పేపర్, మూత, కట్టర్ చూసుకోవాలి.

ఇంకో మాట. ప్రింటర్, కూల్‌డ్రింక్స్ ఫ్రిజ్ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఉంటే విడదీయండి. కంప్రెసర్ స్టార్ట్ అయినప్పుడే బిల్లు ఆగుతుంటే తప్పు బాక్సుది, దాని లూజ్ కాంటాక్టుది కావచ్చు. ఒక రోజు ప్రింటర్‌ను నేరుగా గోడ ప్లగ్గులో పెట్టి నడపండి. అప్పుడూ ఆగితేనే ఉత్తరం రాయండి, లేకపోతే వాళ్లు అడిగే మొదటి ప్రశ్నకే మనం తడబడతాం.

మల్టీమీటర్‌తో అడాప్టర్ చూశాను, 24 వోల్టులు వస్తోంది అని ఎవరైనా అంటే దాన్ని బట్టి నిర్ణయానికి రాకండి. లోడు లేనప్పుడు బలహీనమైన అడాప్టర్ కూడా 24 చూపిస్తుంది. వోల్టేజీ పడిపోయేది రెప్పపాటు కన్నా తక్కువ సేపు, మామూలు మీటరుకు అది దొరకదు. అసలు పరీక్ష వేరే అడాప్టర్‌తో నడిపి చూడటమే. పక్క షాపులో అదే మోడల్ ప్రింటర్ ఉంటే రద్దీ వేళ కాసేపు అడాప్టర్లు మార్చుకోండి. లోపం మీ అడాప్టర్‌తో పాటు పక్క షాపుకు వెళ్లిందంటే ఇక అనుమానమే అక్కర్లేదు. లోపం మీ ప్రింటర్‌తోనే ఉండిపోతే, అడాప్టర్ పిన్ను దూరే సాకెట్ దగ్గర టాంకా వదిలిందేమో, బోర్డులో లోపం ఉందేమో వాళ్లు విప్పి చూడాలి.

ఇక ఉత్తరం. ‘మీ ప్రింటర్ చెత్త, మూడుసార్లు తిప్పారు’ అని మొదలుపెడితే చదివేవాడికి ఏం చేయాలో తెలియదు. లోపం ఏ పరిస్థితిలో వస్తుందో, వాళ్ల టేబుల్ మీద దాన్ని ఎలా తెప్పించాలో రాయాలి. మీరు ఇచ్చిన వివరాలతో ఇలా రాయవచ్చు. పరీక్షల గురించి ఉన్న వాక్యాలను మీకు కనిపించినదాన్ని బట్టి మార్చుకోండి.

“సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: వారంటీలో ఉన్న బిల్లింగ్ ప్రింటర్‌లో నాలుగోసారి వచ్చిన అదే లోపం. మోడల్, సీరియల్ నంబర్, కొన్న తేదీ, బిల్లు నంబర్ కింద రాశాను.

నమస్కారం. నవంబరు, జనవరి, మార్చి నెలల్లో ఈ ప్రింటర్‌ను మీకు పంపాను. మూడు జాబ్‌షీట్ల కాపీలు జత చేశాను. మూడుసార్లూ ప్రింటర్ మాత్రమే పంపాను, అడాప్టర్ పంపలేదు. ఈసారి ప్రింటర్, దానితో వచ్చిన అడాప్టర్, యూఎస్‌బీ వైరు మూడూ పంపుతున్నాను.

లోపం: బిల్లులో అక్షరాలు సరిగ్గా పడతాయి. చివర్లో క్యూఆర్ కోడ్ పడుతుండగా పవర్ లైటు ఆరిపోయి ప్రింటర్ రీస్టార్ట్ అవుతుంది. తర్వాత అర్థంలేని అక్షరాలు పడతాయి. ఉదయం మొదటి బిల్లుల్లో రాదు. వరసగా బిల్లులు తీసి అడాప్టర్ వేడెక్కాక వస్తుంది. క్యూఆర్ కోడ్ తీసేసి అవే బిల్లులు వేస్తే రావడం లేదు. ప్రింటర్‌ను విడిగా గోడ ప్లగ్గులో పెట్టి చూసినా ఇలాగే ఉంది. వేరే అడాప్టర్‌తో రాలేదు.

దయచేసి మేము పంపిన అడాప్టర్‌తోనే, మేము మెయిల్ చేసిన బిల్లు ఫైలును కనీసం 20 సార్లు ఆపకుండా ప్రింట్ చేసి చూడండి. సెల్ఫ్ టెస్ట్ ఒక్కదానిలో ఈ లోపం బయటపడదు. ఆగిన బిల్లులు, లోపం వచ్చినప్పుడు తీసిన వీడియో కూడా పంపాను.

లోపం తేలితే వారంటీ కింద అడాప్టర్ గానీ, సంబంధిత భాగం గానీ మార్చండి. ఏ పరీక్ష చేశారో, ఏ భాగం మార్చారో జాబ్‌షీట్‌లో రాయండి. ఈ లోపాన్ని వారంటీ కాలంలోనే నవంబరులో మొదటిసారి మీ దృష్టికి తెచ్చానని కూడా అందులో నమోదు చేయండి. ఈ షాపు నేనే నడుపుకుంటున్నాను, మా ఇంటికి ఇదే జీవనాధారం. రద్దీ వేళ బిల్లు ఆగితే చేతిరాతతో ఇవ్వాల్సి వస్తోంది. 15 రోజుల్లో జవాబు ఇవ్వగలరు.”

ఇందులో మీరు చేసి చూడని పరీక్ష ఏదైనా ఉంటే ఆ వాక్యం కొట్టేయండి. చూడనిది చూశామని రాస్తే ఉత్తరం మొత్తానికి విలువ పోతుంది.

‘నవంబరులో మొదటిసారి’ అన్న వాక్యాన్ని మాత్రం వదలొద్దు. మీ వారంటీ ఆగస్టులో అయిపోతుంది. సెప్టెంబరులో మళ్లీ వస్తే ‘ఇది కొత్త కంప్లయింటు, డబ్బులు కట్టండి’ అనే అవకాశం ఉంది. పాత లోపమేనని చూపించడానికి జాబ్‌షీట్‌లో ఆ మాట ఉండాలి. వారంటీ కార్డులో అడాప్టర్ గురించి ఏం రాశారో కూడా ఇప్పుడే చదవండి. కొన్ని కార్డుల్లో ప్రింటర్‌కు ఒక గడువు, హెడ్‌కు, అడాప్టర్‌కు వేరే గడువు ఉంటాయి. అడాప్టర్ గడువు దాటిపోయి ఉంటే మీ మూడు జాబ్‌షీట్లే ఆధారం. మీరు చెప్పిన లోపాన్ని వాళ్లు గడువులోనే పట్టుకోలేకపోయారు.

ప్రింటర్ కొన్న బిల్లు థర్మల్ కాగితం మీదే ఉందా? అయితే ఈరోజే జిరాక్స్ తీయించండి, ఆగిపోయిన బిల్లులకు కూడా. మన ఎండలకు ఆ అక్షరాలు వెలిసిపోతాయి, కాగితం మొత్తం నల్లబడే ప్రమాదమూ ఉంది. వీడియో తీసేటప్పుడు క్యూఆర్ కోడ్ పడే చోటు, పవర్ లైటు రెండూ ఒకే ఫ్రేములో కనిపించాలి. మధ్యలో కట్ చేయకండి.

ఉత్తరం పార్శిల్ డబ్బాలో పెట్టి వదిలేయకుండా మెయిల్ కూడా చేయండి, ప్రింటర్ అమ్మిన డీలరుకు ఒక కాపీ పంపండి. గడువులోగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల లోపు అయితే అక్కడ ఫీజు ఉండదు. వ్యాపారానికి కొన్న వస్తువు కాబట్టి మీరు వినియోగదారు కారని అవతలివాళ్లు వాదించవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సొంతంగా పనిచేసుకుంటూ బతుకుతెరువు కోసమే కొన్నవారు వినియోగదారులే. ఉత్తరంలో జీవనాధారం అన్న మాట అందుకే పెట్టాను.

ఈలోగా షాపు నడవాలి కదా. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో బిల్లు మీద క్యూఆర్ కోడ్ ఆపేసి, కౌంటరు మీద స్టాండ్ పెట్టుకోండి. లేదా ప్రింటర్ సెట్టింగుల్లో డెన్సిటీ ఒక మెట్టు తగ్గించండి. అక్షరాలు కాస్త పలచబడతాయి గానీ కరెంటు తక్కువ లాగుతుంది. తాత్కాలికంగా వేరే అడాప్టర్ కొనాలనుకుంటే పాతదాని లేబుల్ ఫొటో తీసి తీసుకెళ్లండి. వోల్టులు అచ్చం అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. పిన్నులో ప్లస్, మైనస్ ఏ వైపు ఉన్నాయో కూడా కలవాలి. అది తిరగబడితే బోర్డు కాలిపోతుంది, ఆ నష్టానికి వారంటీ వర్తించదు.