హంతకుడెవరో మొదట్లోనే చెప్పేసే షో పెట్టుకోండి

ప్రశ్న: "నా డ్యూటీకి ఒక పద్ధతంటూ లేదు. ఒక వారం రోజూ గంటసేపు ఖాళీ దొరుకుతుంది, ఆ తర్వాత పది రోజులు అస్సలు దొరకదు. ఏ ఎపిసోడ్ కథ ఆ ఎపిసోడ్‌లో అయిపోయేవి చూడాలా, లేక కథ సాగుతూ పోయే సిరీస్‌లు మొదలుపెట్టాలా?"

నేను కాజీపేటలో గూడ్స్ లోకో పైలట్‌ని, పద్నాలుగేళ్ల నుంచి. ప్యాసింజర్ బండికి టైం టేబుల్ ఉంటుంది, గూడ్స్‌కి ఉండదు. మాకు డ్యూటీలు వేసే ఆఫీసు, అదే లాబీ, నుంచి ఫోన్ వచ్చిందంటే రెండు గంటల్లో అక్కడుండాలి. ఇంటి దగ్గరైతే 16 గంటల రెస్ట్, బయటి ఊళ్లో మేం పడుకునే రన్నింగ్ రూమ్‌లో 8 గంటలు. ఆ ఎనిమిదిలో తిండి, స్నానం, నిద్ర పోను మిగిలే ఆ కాస్త టైమే నా సినిమా హాలు. కాబట్టి ఈ ప్రశ్నకి జవాబు చెప్పే అర్హత నాకు గట్టిగానే ఉందనుకుంటున్నా.

అందరూ "నీకు ఎంత టైం ఉంది" అని అడుగుతారు. అడగాల్సింది అది కాదు. ఒకసారి చూశాక మళ్లీ కూర్చునేసరికి ఎన్ని రోజుల ఎడం వస్తుంది అన్నదే లెక్క. రోజుకి అరగంటే దొరికినా రోజూ దొరికేవాడు ఎంత పెద్ద సిరీస్‌నైనా లాగించేస్తాడు. ఆదివారం ఆరు గంటలు దొరికి, మళ్లీ రెండు వారాలు మాయమయ్యేవాడు మునుగుతాడు.

నేనెలా మునిగానో చెప్తా. మా అసిస్టెంట్ కుర్రాడొకడు "అన్నా, ద వైర్ చూడకపోతే నువ్వు ఏమీ చూడనట్టే" అని చంపుకు తిన్నాడు. అమెరికాలో బాల్టిమోర్ అనే ఊళ్లో మాదకద్రవ్యాల ముఠా ఒక పక్క, పోలీసులు ఒక పక్క. 2002 నుంచి 2008 దాకా ఐదు సీజన్లు, 60 ఎపిసోడ్లు. మొదటి సీజన్ మూడో ఎపిసోడ్‌లో డి ఏంజెలో అనేవాడు వీధిలో సరుకమ్మే బోడీ, వాలెస్ అనే ఇద్దరు పిల్లలకి చదరంగం నేర్పుతాడు. రాజు ఎవరు, బంట్లు ఎలా ముందే పోతాయి అని వాళ్ల ముఠా భాషలోనే చెప్తాడు. బల్హార్షా రన్నింగ్ రూమ్‌లో కింద మంచం మీద పడుకుని చూశా, భలే ఉందనుకున్నా. తర్వాత పదకొండు రోజులు మళ్లీ ముట్టలేదు. తిరిగి తెరిస్తే బోడీ ఎవడో వాలెస్ ఎవడో తెలియలేదు, పోలీసుల్లో ఎవడు ఎవడి మీద పగబట్టాడో అంతకన్నా తెలియలేదు. వెనక్కెళ్లి రెండు ఎపిసోడ్లు మళ్లీ చూశా. అవి అయ్యేసరికి కాల్. మళ్లీ తొమ్మిది రోజులు. ఇలా ముందుకి రెండడుగులు, వెనక్కి ఒకటి.

పద్నాలుగు నెలలు పట్టింది నాలుగో సీజన్ చివరికి చేరడానికి. అక్కడ ఆ బోడీయే ఒక పోలీసుతో మాట్లాడుతూ చదరంగం బంట్ల మాట ఎత్తుతాడు. అది మొదటి సీజన్‌లో నేర్చుకున్న పాఠం. మా కుర్రాడైతే ఆ చోట ఏడ్చేశాడట. నాకేమో "వీడు చదరంగం ఎందుకంటున్నాడు?" అనిపించింది. రాసినవాడు మూడు సీజన్ల కింద పాతిపెట్టిన సరుకు అది. తవ్వుకోవడానికి నా దగ్గర జ్ఞాపకం లేదు. సాగే కథల్లో అసలు మజా అంతా ఇలాంటి చోటే ఉంటుంది. ఎడం ఎక్కువైతే పోయేది కూడా మొదట అదే. కథ అర్థమవుతుంది, దెబ్బ మాత్రం తగలదు.

అందుకని కేసుకో ఎపిసోడ్ ఉండే షోలకి మారా. హౌస్ చూశా, 2004 నుంచి 2012 దాకా వచ్చింది, 177 ఎపిసోడ్లు. మొదటి మూడు నిమిషాల్లో ఎవరో కుప్పకూలతారు, డాక్టర్లు రెండు మూడుసార్లు తప్పు జబ్బు అనుకుంటారు, చివర్లో వాళ్ల పెద్ద డాక్టర్ హౌస్‌కి ఎవరితోనో సంబంధం లేని మాట మాట్లాడుతుండగా బల్బు వెలుగుతుంది. అమెరికా టీవీల వాళ్లు ఇలా ఎందుకు తీసేవారంటే, పాత ఎపిసోడ్లని తర్వాత లోకల్ ఛానళ్లకి అమ్ముకోవాలి. ఆ ఛానల్ ఏ రోజు ఏది వేసినా జనానికి అర్థం కావాలి. మనకోసం చేసింది కాదుగానీ మనకి పనికొచ్చింది.

కానీ ఇందులోనూ ఒక తిరకాసుంది, దీన్ని ఎవరూ చెప్పరు. ఇరవై ఐదో నిమిషంలో కాల్ వస్తే? రోగికి మొదట వచ్చింది జ్వరమా, ఫిట్సా, ఏ మందుకి ఏం తిరగబడింది అన్నవి వారం తర్వాత ఎవరికి గుర్తుంటాయి? హంతకుడెవరో చివర్లో చెప్పే కేసులదీ ఇదే బాధ. ఆధారాలన్నీ మొదటి సగంలోనే చల్లేసి ఉంటారు. డౌన్‌లోడ్ చేసుకుంటే సరిపోతుందా అంటే, కొన్ని యాప్‌లలో ఒకసారి ప్లే నొక్కాక రెండు రోజులకే గడువైపోతుంది. సిగ్నల్ లేని చోట పడుకునేవాడిని వాళ్లు మనిషి కింద లెక్కేయరు.

దీనికి మందు కొలంబో అనే డిటెక్టివ్ షో. ఆ డిటెక్టివ్ వేషం పీటర్ ఫాక్ వేశాడు, నలిగిన రెయిన్ కోటు, చేతిలో చుట్ట. 1971లో రెగ్యులర్‌గా మొదలైంది. మొదటి కేసు తీసింది అప్పటికి కుర్రాడైన స్పీల్‌బర్గ్. ఇద్దరు డిటెక్టివ్ నవలా రచయితలు జంటగా రాస్తుంటారు, నిజానికి రాసేది ఒక్కడే. ఆ ఒక్కడు విడిపోతానంటే రెండోవాడు అతన్ని ఊరికి దూరంగా ఉన్న తన ఇంటికి తీసుకెళ్తాడు. "ఆఫీసులోనే ఉన్నా, లేటవుతుంది" అని భార్యకి ఫోన్ చేయిస్తాడు, లైన్లో ఉండగానే కాల్చేస్తాడు. భార్య ఆఫీసులోనే చచ్చిపోయాడనుకుంటుంది. ఇదంతా మనం కళ్లారా చూశాకే కొలంబో దిగుతాడు. ఎవరు చంపారు, ఎలా చంపారు అన్నీ మనకి తెలుసు. మిగిలింది ఒకటే, వీడు ఎక్కడ దొరుకుతాడు?

నేను సరిగ్గా అరగంట చూశాక కాల్ వచ్చింది. ఎనిమిది రోజుల తర్వాత ఇంట్లో మిగతా భాగం పెట్టా. మా ఆవిడ వచ్చి పక్కన కూర్చుని "ఏంటిది?" అంది. "ఈ కోటు వేసుకున్న పెద్దమనిషి పార్ట్‌నర్‌ని చంపాడు, ఆ చింపిరి కోటాయన పట్టుకోవాలి" అన్నా. అంతే, ఆవిడా చివరిదాకా చూసింది. ద వైర్‌ని ఇలా ఒక్క ముక్కలో ఎవరికైనా చెప్పి చూడండి. ఎనిమిది రోజుల ఎడం తర్వాత మీ పక్కన కొత్తగా కూర్చున్న మనిషికీ మీకూ పెద్ద తేడా ఉండదు, అది మర్చిపోవద్దు.

మరి మన డైలీ సీరియళ్లు సాగే కథలే కదా అంటారేమో. మా అమ్మ నెల రోజులు మా అక్క వాళ్లింట్లో ఉండి వచ్చి, టీవీ పెట్టి, పది నిమిషాల్లో "ఇంకా ఆ పెళ్లి దగ్గరే ఉన్నారు" అని కూరలు తరుక్కోవడానికి వెళ్లిపోయింది. నవ్వుకుంటాంగానీ ఆ రాసేవాళ్లు తెలివైనవాళ్లు. వంటింట్లోంచి వింటూ చూసే మనిషి కోసం రాస్తారు. ప్రతి రహస్యాన్నీ ముగ్గురి నోట మూడుసార్లు చెప్పిస్తారు, పాత సీన్లు మళ్లీ చూపిస్తారు. ద వైర్ ఒక్కసారి చెప్పి ఊరుకుంటుంది, అదే మన కొంప ముంచేది.

మీరు సిరీస్ వదల్లేనంటే ఒకటి చేయండి. ఆరు, ఎనిమిది ఎపిసోడ్ల చిన్నది ఎంచుకుని, మీరు చెప్పిన ఆ ఖాళీ వారం మొదటి రోజునే మొదలుపెట్టి ఆ వారంలోనే ముగించండి. మూడో రోజుకి సగం దాటలేదంటే ఆపేయండి, తర్వాత అతుక్కోదు. మిగతా రోజులకి కొలంబో. మొత్తం 69 ఉన్నాయి, ఎక్కడి నుంచైనా మొదలెట్టొచ్చు. నాకింకా ఇరవై దాకా మిగిలాయి, ఏవి చూశానో లాబీ డైరీ వెనక పేజీలో టిక్కు పెట్టుకుంటున్నా.